ఎనిమిదింటి కేసు ఎనిమిదింటికే: ఓటీ లిస్టుతో నా అనుభవం

ఆపరేషన్ థియేటర్, అంటే ఓటీ ఇన్‌ఛార్జి సిస్టర్‌గా మర్నాటి ఆపరేషన్ల లిస్టు రాసే పని నా చేతికి వచ్చిన కొత్తలో, లిస్టు రాయడమంటే వార్డు నుంచి వచ్చిన పేర్లను ఒక వరసలో పెట్టడమే అనుకున్నాను. సర్జన్ ఏ కేసుకి ఎంతసేపు పడుతుందో చెప్తారు, నేను కూడుకుంటాను, సాయంత్రం 4 లోపు సరిపోతే సరే. ఆ నమ్మకం పోగొట్టిన లిస్టు నా దగ్గర ఇప్పటికీ ఉంది.

జనరల్ సర్జరీ లిస్టు అది. పొద్దున్న 8 నుంచి సాయంత్రం 4 దాకా, అంటే 480 నిమిషాలు. అయిదు కేసులు. థైరాయిడ్ ఒక వైపు తీసే కేసు 90 నిమిషాలు, చిన్న రంధ్రాల్లోంచి చేసే ల్యాప్ గాల్‌బ్లాడర్లు రెండు, ఒక్కోటి 60, పాత కోత దగ్గర వచ్చిన పెద్ద హెర్నియా 90, గజ్జల్లో హెర్నియా 45. సర్జన్ సార్ చెప్పిన అంకెలివి. కూడితే 345. ఇంకా రెండు గంటలపైన మిగులుతుంది కదా, హాయిగా అయిపోతుంది అనుకున్నాం.

మొదటి పేషెంట్ గదిలోకి వచ్చేసరికి 8:35 అయింది. నాలుగో కేసు, అంటే ఆ పెద్ద హెర్నియా, బయటికి వెళ్లేసరికి సాయంత్రం 5:30. అయిదో కేసు మొదలుపెట్టాలా వద్దా అని సార్, మత్తు డాక్టర్ మేడమ్ మాట్లాడుకుంటున్నారు. స్క్రబ్ సిస్టర్ గౌను విప్పి గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె డ్యూటీ 4కే అయిపోయింది. ఫోన్ చేతిలో పట్టుకుని నావైపే చూస్తోంది, ఇంటికి ఏం చెప్పాలో నేను చెప్తానని. చివరికి కేసు పోస్ట్‌పోన్ చేశారు. ఆ మాట చెప్పడానికి వార్డుకి నేనే వెళ్లాను. పెద్దాయన రాత్రి నుంచి ఏమీ తినలేదు. "పొద్దున్నే చెప్పి ఉంటే బాగుండేది కదమ్మా" అన్నారు, కోపం లేకుండా. కోప్పడి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదేమో.

మర్నాడు అందరూ ఒకటే అన్నారు: "నిన్న ఆలస్యంగా మొదలైంది, అందుకే." నేనూ అదే అనుకున్నాను. కానీ రాత్రి లెక్క వేస్తే కుదరలేదు. 35 నిమిషాలు ఆలస్యంగా మొదలైతే 35 నిమిషాలు ఆలస్యంగా ముగియాలి. ఒక కేసు మానేశాక కూడా గంటన్నర ఎక్కువ ఎందుకు పట్టింది? ఆ రోజు రక్తస్రావం లేదు, ల్యాప్ కేసు ఓపెన్ చేయాల్సి రాలేదు, మిషన్ పాడవలేదు. ఏ కేసూ ప్రత్యేకంగా కష్టపెట్టలేదు.

అప్పుడు ఓటీ రిజిస్టర్ తీసి కూర్చున్నాను. మా రిజిస్టర్లో ప్రతి కేసుకీ పేషెంట్ గదిలోకి వచ్చిన టైము, కోత పెట్టిన టైము, కుట్లు అయిపోయిన టైము, గది నుంచి బయటికి వెళ్లిన టైము రాస్తాం. రాస్తాం గానీ మళ్లీ ఎవరూ తెరిచి చూడరు. అదే సర్జన్ చేసిన ల్యాప్ గాల్‌బ్లాడర్లలో చివరి 20 తీసుకుని, లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా ఎంతసేపు పట్టిందో ఒక్కొక్కటీ రాసి సరాసరి తీశాను. 100 నిమిషాలు వచ్చింది. కోత నుంచి కుట్ల దాకా చూస్తే మాత్రం సరిగ్గా 60.

అంటే సార్ చెప్పిన అంకె తప్పు కాదు. ఆయన కోత నుంచి కుట్ల దాకా లెక్క చెప్పారు, నేను దాన్ని గది లెక్క అనుకున్నాను. మధ్యలో మానిటర్లు తగిలించాలి, సూది పెట్టాలి, మత్తు ఇచ్చి ఊపిరికి గొట్టం వేయాలి, పొజిషన్ ఇవ్వాలి, పొట్ట శుభ్రం చేసి డ్రేప్ వేయాలి. కోతకి ముందే పాతిక నిమిషాలు పోతాయి. అయ్యాక పేషెంట్ మత్తు నుంచి తేరుకుని, గొట్టం తీసి, స్ట్రెచర్ మీదకి మార్చి రికవరీకి పంపేసరికి ఇంకో పావుగంట. ఆ 40 నిమిషాలు ఎవరి లెక్కలోనూ లేవు. గది మాత్రం ఆ 40 నిమిషాలూ ఖాళీగా లేదు.

మిగతా కేసులకీ అలాగే చూశాను. థైరాయిడ్‌కి 135, పెద్ద హెర్నియాకి 140, గజ్జల హెర్నియాకి 80. అయిదూ కలిపితే 555. ఒక పేషెంట్ వెళ్లాక గది తుడిచి, టేబుల్ మార్చి, కొత్త సెట్ తెరిచి, తర్వాతి పేషెంట్‌ని లోపలికి తేవడానికి మాకు 20 నిమిషాలు పడుతుంది. అయిదు కేసుల మధ్య నాలుగు సార్లు, 80. మొత్తం 635 నిమిషాలు. 480 నిమిషాల రోజులో 635 నిమిషాల పని రాసి పెట్టాను. 8:35కి మొదలైన ఆ లిస్టు ఆగకుండా నడిస్తే సాయంత్రం 7:10కి ముగియాలి. నాలుగు కేసులకే 5:30 అవ్వాలి. సరిగ్గా అలాగే అయింది. ఆ రోజు ఏదీ తప్పు జరగలేదు, నేను రాసినట్టే జరిగింది. అది తెలిసిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఈ లెక్క పట్టుకుని సర్జన్ సార్ దగ్గరకి వెళ్లాను. ఎలా తీసుకుంటారో అని టెన్షన్‌గానే ఉంది. "సార్, మీ స్పీడ్ గురించి కాదు, ఇది గది లెక్క" అని మొదలుపెట్టి, ఆయన కేసులే 20 వరుసగా చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. "ఇది 140 ఎందుకైంది?" అని ఒక గాల్‌బ్లాడర్ మీద వేలు పెట్టారు. ఆ రోజు పీజీ డాక్టర్ చేస్తుంటే ఆయన పక్కన నిలబడి నేర్పించారు. ఆయనకే గుర్తొచ్చింది. అప్పటినుంచి నేర్పించే కేసులని లిస్టులోనే గుర్తు పెట్టి, వాటి సరాసరి వేరుగా చూస్తున్నాం. నేర్పించడం తగ్గించమని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. దానికి పట్టే టైము ముందే లిస్టులో కనపడితే చాలు.

సరాసరి విషయంలో ఇంకొకటి నేర్చుకున్నాను. "మామూలుగా ఎంత పడుతుంది?" అని అడిగితే ఎవరైనా తరచూ జరిగే అంకె చెప్తారు. కానీ 100 నిమిషాల కేసు ఎంత సులువుగా ఉన్నా 40 నిమిషాల్లో అవ్వదు, కష్టమైతే మాత్రం 160 అవుతుంది. తగ్గే వైపు హద్దు ఉంది, పెరిగే వైపు లేదు. అందుకే గుర్తున్న అంకె ఎప్పుడూ సరాసరి కంటే కొంచెం తక్కువే ఉంటుంది. అలాంటివి నాలుగైదు కూడితే ఆ కొంచెమే గంట అవుతుంది. ఆ సర్జన్ ఆ ఆపరేషన్ రెండు మూడు సార్లే చేసి ఉంటే రిజిస్టర్ సరాసరికి అర్థం లేదు. అప్పుడు ఆయన్నే "బాగా జరిగితే ఎంత, కష్టమైతే ఎంత?" అని రెండూ అడిగి, కష్టమైన వైపుకి దగ్గరగా రాసుకుంటాను.

ఇక లిస్టు సరిచేయడం. అవే అయిదు కేసులు మళ్లీ వస్తే ఎలా రాస్తానా అని కూర్చున్నాను. పెద్ద హెర్నియా తీసేస్తే దాని 140, దాని ముందు శుభ్రం చేసే 20 పోయి 475 మిగులుతుంది. 480లో 475, సరిపోయినట్టే కనపడుతుంది. మొదట్లో నేను అక్కడే ఆగేదాన్ని. కానీ సరాసరికి రాశామంటే సగం రోజులు దాటుతాయని అర్థం. రెండు రోజులకి ఒకసారి సిబ్బంది ఆలస్యంగా ఇంటికి వెళ్లాలి. కొంత ఖాళీ ఉంచాలి, మరి ఎంత?

దీనికి మా మత్తు డాక్టర్ మేడమ్ సాయం చేశారు. ప్రతి కేసూ దాని సరాసరి నుంచి సాధారణంగా ఎంత అటూ ఇటూ అవుతుందో చూడమన్నారు. గాల్‌బ్లాడర్లూ థైరాయిడూ ఒక్కోటి 25 నిమిషాలు, గజ్జల హెర్నియా 15. నేను వాటిని నేరుగా కూడి 90 నిమిషాల ఖాళీ ఉంచాలి కాబోలు అన్నాను. "అన్నీ ఒకే రోజు ఆలస్యం కావు కదమ్మా, ఒకటి సాగితే ఒకటి తొందరగా అవుతుంది" అని, ఆ అంకెల వర్గాలు కూడి వర్గమూలం తీయమన్నారు. 625 మూడు సార్లు, 225 ఒకసారి, కలిపితే 2100, దాని మూలం సుమారు 46. రోజంతా కలిపి అటూ ఇటూ అయ్యేది 46 నిమిషాలన్నమాట. దానంత ఖాళీ ఉంచితే దాదాపు ఆరు రోజులకి ఒక రోజు దాటుతుంది. దాని కంటే కాస్త తగ్గించినా అయిదు రోజులకి ఒకసారి. మేం అక్కడ ఒప్పుకున్నాం. అసలు దాటకూడదనుకుంటే గది సగం ఖాళీగా ఉంచాలి, అప్పుడు వార్డులో ఎదురుచూసేవాళ్లకి అన్యాయం చేసినట్టే.

ఆ లెక్కన గజ్జల హెర్నియా కూడా తీసి తర్వాతి లిస్టులో పెద్ద హెర్నియాతో కలిపి పెట్టాను. ఇక్కడ మిగిలింది థైరాయిడ్, రెండు గాల్‌బ్లాడర్లు. మొత్తం 375. గంటకి పైగా ఖాళీ మరీ ఎక్కువ అనిపించి, వీపు మీద కొవ్వు గడ్డ లోకల్ మత్తుతో తీసే చిన్న కేసు ఒకటి చేర్చాను. దానికి 35, శుభ్రానికి 20. అంతా కలిపి 430. 50 నిమిషాల ఊపిరి.

వరస దగ్గర మళ్లీ చిక్కు వచ్చింది. మాకు ల్యాప్ పరికరాల సెట్లు రెండే. ఒకటి ఆ రోజు పక్క ఓటీలో గైనిక్ వాళ్లు పొద్దున్నే తీసుకుంటారు. వాడిన సెట్ పరికరాలు స్టెరిలైజ్ చేసే విభాగమైన సీఎస్‌ఎస్‌డీకి వెళ్లి, కడిగి, ఆరబెట్టి, ప్యాక్ చేసి, ఆటోక్లేవ్‌లో పెట్టి, చల్లారి తిరిగి మా చేతికి రావడానికి మా దగ్గర నాలుగు గంటలు. 134 డిగ్రీల దగ్గర ఉండేది కొద్ది నిమిషాలే, టైమంతా ముందూ వెనకా పోతుంది. తొందరపెట్టి తడి ప్యాక్ తెప్పించుకోవడం కంటే కేసు ఆపేయడం మంచిది, తడిసిన ప్యాక్ శుభ్రమైనదని చెప్పలేం. రెండు గాల్‌బ్లాడర్లూ వెంట వెంట పెడితే రెండోదానికి సెట్ ఉండదు. పేషెంట్‌ని టేబుల్ మీద పడుకోబెట్టి సెట్ కోసం ఎదురుచూసిన రోజులు మాకున్నాయి.

అందుకని ఇలా రాశాను. 8కి మొదటి గాల్‌బ్లాడర్, 9:40కి బయటికి. సెట్ మాత్రం కుట్లు పడగానే 9:30కల్లా సీఎస్‌ఎస్‌డీకి. 10కి థైరాయిడ్, 12:15కి బయటికి. 12:35కి గడ్డ, 1:10కి అవుతుంది. 1:30కి రెండో గాల్‌బ్లాడర్ లోపలికి. సెట్ కూడా 1:30కి వస్తుంది, కోతకి ఇంకా 25 నిమిషాలుంటాయి. 3:10కి పూర్తి. సెట్ గది బయట షెల్ఫ్‌లో కనపడేదాకా ఆ పేషెంట్‌కి మత్తు మొదలుపెట్టకూడదని లిస్టు మీదే రాశాను.

మొదలుపెట్టే టైము సంగతి ఇంకా చెప్పలేదు. అది వేరే రోగం. "8కి స్టార్ట్" అంటే సర్జన్‌కి కోత, మేడమ్‌కి మత్తు, నాకు పేషెంట్ గదిలోకి రావడం. ముగ్గురమూ టైముకే వస్తున్నామని ముగ్గురమూ నమ్మేవాళ్లం. ముందు అది ఒకటి చేసుకున్నాం: 8 అంటే పేషెంట్ గది గడప దాటిన టైము. గోడ గడియారమే లెక్క, ఎవరి ఫోన్‌లో టైమూ కాదు.

తర్వాత ఒక నెల రోజులు, మొదటి కేసు ఆలస్యమైన ప్రతిసారీ ఎందుకో ఒక్క వాక్యం రాశాను. నిజానికి వార్డ్ బాయ్‌లు స్ట్రెచర్ ఆలస్యంగా తెస్తున్నారని మా అందరి అభిప్రాయం. నేనూ వాళ్లని చాలాసార్లు గట్టిగా అన్నాను. నెల అయ్యాక చూస్తే వాళ్ల వల్ల ఆలస్యమైంది రెండు సార్లే. ఎక్కువ భాగం కన్సెంట్ మీద సంతకం లేక, ఆపరేషన్ చేసే వైపు గుర్తు పెట్టక, లేదా ఐసీయూలో బెడ్ ఖాళీ అవుతుందో లేదో తెలియక పొద్దున్న 7:30కి లిస్టు వరస మార్చడం వల్ల. వరస మారితే రెండో పేషెంట్‌ని వార్డులో అప్పటికప్పుడు తయారు చేయాలి, వేరే సెట్ బయటికి తీయాలి. వార్డ్ బాయ్ స్ట్రెచర్‌తో వార్డులో నిలబడి ఉంటాడు, పేషెంట్ సిద్ధంగా ఉండడు. వాళ్ల దగ్గరకి వెళ్లి ఆ కాగితం చూపించి సారీ చెప్పాను.

ఇప్పుడు మొదటి పేషెంట్‌ని ముందు రోజు మధ్యాహ్నం 3కే ఖాయం చేస్తాం. ఐసీయూ బెడ్ అక్కర్లేని కేసునే మొదట పెడతాం. మత్తు డాక్టర్ ఆ సాయంత్రమే చూసి ఉండాలి, కన్సెంట్ అయిపోయి ఉండాలి, రిపోర్టులు ఫైల్లో ఉండాలి. సాయంత్రం డ్యూటీ సిస్టర్ ఇవి చూసి నాకు ఒక్క మెసేజ్ పెడుతుంది. గుర్తు పెట్టడం మాత్రం ఆపరేషన్ చేసే డాక్టరే పొద్దున్న 7:30కి వార్డులో పెడతారు. ఆ మొదటి పేరు మార్చాలంటే సర్జన్, మత్తు డాక్టర్, నేను ముగ్గురం ఒప్పుకోవాలి. చిన్నపిల్లలో, షుగర్ ఉన్నవాళ్లో ఉంటే ముందుకి తెస్తాం, ఇన్ఫెక్షన్ కేసు చివరికి పెడతాం. అది లిస్టు రాసేటప్పుడే జరగాలి, పొద్దున్న కాదు.

7:40కి అందరం గదిలో నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడుకుంటాం. డబ్ల్యూహెచ్‌ఓ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టులో మత్తుకి ముందు, కోతకి ముందు, గది వదిలే ముందు ఆగి చూసుకోవడం ప్రతి పేషెంట్‌కీ ఎలాగూ ఉంది. ఇది దానికి ముందు, రోజంతటికీ. ఏ కేసుకి ఏ సెట్, రక్తం కావాలా, ఎవరు ఎప్పుడు బ్రేక్‌కి వెళ్తారు. మొదట్లో సర్జన్లు రాలేదు. ఒకరోజు ఈ మాటల్లోనే థైరాయిడ్ పేషెంట్‌కి గొట్టం వేయడం కష్టమవుతుందని మేడమ్ చెప్తే, ఆమెకి కావాల్సిన స్కోపు ముందే తెప్పించాం. సార్ ఆ రోజు అక్కడే ఉన్నారు. తర్వాత మానలేదు.

మధ్యాహ్నం 1కి ఇంకోసారి చూస్తాను. చివరి కేసు ఎప్పుడు లోపలికి వస్తుంది, దాని సరాసరి కలిపితే 4 లోపు అవుతుందా. అవ్వదనిపిస్తే అప్పుడే సర్జన్‌తోనూ మేడమ్‌తోనూ మాట్లాడి తేలుస్తాం. చేయాలనుకుంటే ఎవరు ఉండగలరో పేరు పెట్టి అడుగుతాను, వాళ్ల బదులు నేనే సరే అనను. సాయంత్రం టీమ్ నుంచి ఒకరిని మార్చుకునే టైము కూడా ఉంటుంది. మానేయాలనుకుంటే ఆ పేషెంట్‌కి 1:15కే తెలుస్తుంది, వెంటనే భోజనం పెట్టిస్తాం. చేస్తున్నాం గానీ ఆలస్యమవుతుందంటే, మేడమ్‌ని అడిగి మత్తుకి రెండు గంటల ముందు వరకూ మంచినీళ్లు ఇప్పిస్తాం. అర్ధరాత్రి నుంచి నీళ్లు కూడా తాగనివ్వని పాత అలవాటు మా వార్డులో మాన్పించడానికి లిస్టు కంటే ఎక్కువ కాలం పట్టింది.

ఎమర్జెన్సీలకి ఈ లెక్క పనికిరాదు. వాటికి మాకు వేరే గది ఉంది కాబట్టి ఇదంతా చేయగలిగాం. ఒకే గది ఉన్నచోట రోజులో కొంత భాగం ఎవరి పేరూ రాయకుండా వదిలేయాల్సిందే.

ఆ నాలుగు కేసుల లిస్టు నిజంగా నడిచిన రోజు, మొదటి గాల్‌బ్లాడర్ బాగా అతుక్కుపోయి 130 నిమిషాలు పట్టింది. సెట్ సీఎస్‌ఎస్‌డీకి వెళ్లేసరికే 10. మధ్యాహ్నం దాకా నాకు మనసు మనసులో లేదు. థైరాయిడ్, గడ్డ కూడా ఆ అరగంట వెనక్కి జరిగాయి, సెట్ 2కి వచ్చి షెల్ఫ్‌లో కూర్చుంది, పేషెంట్ కూడా 2కే లోపలికి వచ్చారు. 3:40కి ఆమెని రికవరీకి పంపాం. స్క్రబ్ సిస్టర్ సెట్ లెక్క చూసి సంతకం పెట్టి, "అక్కా, నేను వెళ్లొస్తా" అని 4 కొట్టేసరికి తలుపు దగ్గర ఉంది. నేను మర్నాటి లిస్టులో మొదటి పేరు పక్కన కన్సెంట్ అయిందో లేదో వార్డుకి ఫోన్ చేస్తున్నాను.